కాలేజీ ఫెస్ట్‌కి స్పాన్సర్‌షిప్ ప్రపోజల్ ఎలా రాయాలి: ముందు కుర్చీలు లెక్కపెట్టండి

డిగ్రీ ఫైనలియర్‌లో ఉండగా మా కల్చరల్ ఫెస్ట్‌కి స్పాన్సర్‌షిప్ లెటర్ నేనే రాశాను. "3,000 మందికి పైగా హాజరవుతారు" అని అందులో ఒక వాక్యం ఉంది. అంతకు ముందు ఏడాది సీనియర్లు 2,500 అని రాశారు, నేను దానికి ఇంకో 500 కలిపాను. అంతే తప్ప ఆ సంఖ్యకి వేరే ఆధారం లేదు. ఒక స్వీట్ షాపు ఆయన ఆ మాట నమ్మారు. 15,000 రూపాయలు ఇచ్చి, తన స్టాల్‌లో పంచడానికి 1,500 చిన్న పొట్లాలు కట్టించి ఆటోలో తెచ్చారు. రాత్రి తొమ్మిదిన్నరకి స్టాల్ సర్దుతుంటే సగానికి పైగా పొట్లాలు అట్టపెట్టెల్లో అలాగే ఉన్నాయి. ఆయన కోప్పడలేదు. "పోన్లే అమ్మా, హాస్టల్ పిల్లలకి పంచెయ్యండి" అని వెళ్లిపోయారు. మరుసటి ఏడాది మా జూనియర్లు వెళితే మాత్రం కూర్చోమని కూడా అనలేదట.

ఇప్పుడు నేను పాలకొల్లులో మా మావయ్యగారి బట్టల షాపులో లెక్కలు చూస్తున్నాను. సంక్రాంతి వెళ్లగానే చుట్టుపక్కల కాలేజీల ప్రపోజల్స్ నా టేబుల్ మీదికే వస్తాయి. చాలావాటిలో కాలేజీ చరిత్ర ఒక పేజీ, ప్రిన్సిపాల్ గారి సందేశం ఒక పేజీ, తర్వాత డైమండ్, ప్లాటినం, గోల్డ్ అని రేట్లు ఉంటాయి. మావయ్యగారు అడిగేవి రెండే ప్రశ్నలు: "ఎంతమంది వస్తారండి? మన పేరు ఎక్కడ కనపడుద్ది?" ఆ రెండింటికీ నమ్మదగ్గ జవాబు ఎలా తయారుచేసుకోవాలో చెబుతాను. అది చేతిలో ఉంటే లెటర్ రాయడం ఒక గంట పని.

మొదటి పని: జనం లెక్క

కాలేజీలో 1,400 మంది చదువుతున్నారు కాబట్టి 1,400 మంది వస్తారని రాయకండి. రోల్ నంబర్లు వేరు, సాయంత్రం ఏడింటికి గ్రౌండ్‌లో ఉండే మనుషులు వేరు. అమలాపురం, రాజోలు వైపు నుంచి బస్సుల్లో వచ్చే పిల్లల్లో చాలామంది ఆఖరి బస్సు టైమ్ చూసుకుని వెళ్లిపోతారు. కాబట్టి పోయినేడాది నిజంగా ఎంతమంది వచ్చారో వెతకాలి.

దానికి మంచి ఆధారం టెంట్ హౌస్ బిల్లు. ఎన్ని కుర్చీలు వేశారో అందులో ఉంటుంది. ఆ బిల్లు కాలేజీ ఆఫీసు ఫైల్లో దొరుకుతుంది, లేకపోతే టెంట్ హౌస్ ఆయన పుస్తకంలో దొరుకుతుంది. తర్వాత పోయినేడాది ఫొటోలు తెరిచి, సాయంత్రం జనం బాగా నిండిన వేళ స్టేజీ మీద నుంచి తీసిన ఒక ఫొటో పట్టుకోండి. ఖాళీ కుర్చీలు లెక్కపెట్టి బిల్లులోని సంఖ్య నుంచి తీసేయండి.

నిలబడిన వాళ్లని లెక్కపెట్టడానికి ఒక పాత పద్ధతి ఉంది. 1960ల్లో అమెరికాలోని బర్కిలీలో హెర్బర్ట్ జేకబ్స్ అనే జర్నలిజం ప్రొఫెసర్, విద్యార్థుల సభలకి ఎంతమంది వస్తున్నారో తేల్చడానికి దీన్ని వాడారు. జనం వదులుగా నిలబడితే ఒక్కో మనిషికి 10 చదరపు అడుగులు, ఇరుకుగా నిలబడితే నాలుగున్నర చదరపు అడుగులు. జనం నిలబడిన చోటు పొడవు, వెడల్పు టేపుతో కొలిచి ఆ అంకెతో భాగిస్తే సరిపోతుంది. కాలేజీ ఫెస్ట్‌లో వెనకాల నిలబడేవాళ్లు అటూ ఇటూ తిరుగుతూ ఉంటారు కాబట్టి 10 అడుగుల లెక్కే వేసుకోండి.

ఉదాహరణకి ఒక కాలేజీ లెక్క చేసి చూద్దాం. రెండు రోజుల ఫెస్ట్. రెండో రోజు సాయంత్రం గ్రౌండ్‌లో 700 కుర్చీలు వేశారు. ఏడున్నరకి తీసిన ఫొటోలో 40 ఖాళీగా కనపడ్డాయి. అంటే కూర్చున్నవాళ్లు 660. వెనకాల 80 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న చోట జనం నిలబడ్డారు. అది 2,400 చదరపు అడుగులు, అంటే 240 మంది. మొత్తం 900. మొదటి రోజు పోటీలకి ఆడిటోరియంలో 500 మంది దాకా ఉన్నారు.

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. 900, 500 కలిపి 1,400 అని రాసేస్తారు. మొదటి రోజు వచ్చినవాళ్లలో ఎక్కువమంది రెండో రోజూ వచ్చారు, ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది. కలపకండి. "మొదటి రోజు 500, రెండో రోజు సాయంత్రం 900" అని విడివిడిగా రాసి, పక్కనే "700 కుర్చీల టెంట్ హౌస్ బిల్లు, ఏడున్నర గంటల ఫొటో జతచేశాం" అని రాయండి. 900 చిన్నగా కనపడుతుందని టెన్షన్ పడొద్దు. 5,000 అని రాసిన కాగితాల మధ్య బిల్లుతో సహా 900 అని రాసిన కాగితం వస్తే మావయ్యగారు కళ్లజోడు పెట్టుకుని చదువుతారు. నేను చూశాను.

పోయినేడాది ఫొటోలూ బిల్లులూ దొరక్కపోతే, లేదా ఇది మొదటి ఫెస్ట్ అయితే, ఆ మాటే చెప్పి ఈసారి వేయబోయే కుర్చీల సంఖ్య రాయండి. అంతకంటే ఎక్కువ చెప్పకండి.

రెండో పని: వచ్చేది ఎవరు, అడగాల్సింది ఎవరిని

900 మందిలో ఎవరెవరున్నారో తెలియకపోతే ఆ సంఖ్య సగమే పనికొస్తుంది. ఇది తెలియాలంటే గేటు దగ్గర ఏర్పాటు ఉండాలి. సొంత విద్యార్థులకి ఐడీ కార్డు, తల్లిదండ్రులకి పసుపు పాస్, వేరే కాలేజీల వాళ్లకి నీలం పాస్ ఇచ్చి, లోపలికి వచ్చేటప్పుడు పాస్‌లు తీసుకుని ఒక పెట్టెలో వేయించండి. రాత్రికి లెక్కపెడితే తేలిపోతుంది. మన ఉదాహరణలో పసుపు పాస్‌లు 210, నీలం పాస్‌లు 110 వచ్చాయనుకుందాం. మిగిలిన 580 మంది సొంత విద్యార్థులు.

ఇప్పుడు ఒక్కో షాపుకీ ఇందులో ఏ ముక్క కావాలో చూడండి. పెళ్లి బట్టలు అమ్మే మాలాంటి షాపుకి ఆ 210 పసుపు పాస్‌లే ముఖ్యం. పట్టుచీర కొనేది అమ్మాయి కాదు, వాళ్లమ్మ. ఫిబ్రవరిలో మాఘమాసం పెళ్లిళ్లు ఉంటాయి కాబట్టి జనవరి ఆఖరులో మా దగ్గరికి వస్తే మాకూ అవసరం ఉంటుంది. ఆషాఢం రాబోయే ముందు వస్తే మావయ్యగారి ఆలోచన అంతా డిస్కౌంట్ సేల్ మీద ఉంటుంది. బ్యాంకు బ్రాంచికీ బైక్ షోరూమ్‌కీ ఆ 580 మంది విద్యార్థులు కావాలి. పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్‌కి ఆ 580 మంది కూడా అక్కర్లేదు, ఫైనలియర్ వాళ్లు ఎంతమందో చెబితే చాలు.

భీమవరం చుట్టుపక్కల కాలేజీలైతే రొయ్యల మేత డీలర్‌ని తప్పకుండా అడుగుతారు, ఎందుకంటే ఆయన దగ్గర డబ్బుంటుందని పేరు. కానీ మేత కొనేది చెరువు ఉన్న తండ్రి. మీ విద్యార్థుల్లో ఎన్ని ఇళ్లకి చెరువులున్నాయో క్లాసుల వారీగా ఒక కాగితం తిప్పి చేతులెత్తించి రాసుకోండి. ఒక్క రోజు పని. "మా విద్యార్థుల్లో ఇన్ని కుటుంబాలకి రొయ్యల చెరువులున్నాయి, వాళ్లందరికీ పసుపు పాస్ పంపిస్తున్నాం" అని రాస్తే ఆ డీలర్‌కి అర్థమవుతుంది. లేకపోతే ఆయన ఇచ్చేది మొహమాటానికి ఇచ్చే 1,116 రూపాయలే. అలాగే వరి రైతులతో వ్యాపారం చేసే ఎరువుల షాపు ఆయన్ని సార్వా ధాన్యం డబ్బులు చేతికొచ్చాక అడగండి. అప్పులు వసూలు కాకముందు అడిగితే ఆయన ఎక్కడి నుంచి తెస్తారు?

మూడో పని: పేరు ఎక్కడ కనిపిస్తుందో నడిచి చూడండి

"స్టేజీ బ్యాక్‌డ్రాప్ మీద లోగో" అని ప్రతి ప్రపోజల్‌లో ఉంటుంది. మా షాపులో ఒక ఫొటో దాచాను. బహుమతుల ప్రదానం ఫొటో. స్టేజీ మీద శాలువాలు కప్పుకుని ఏడుగురు పెద్దలు వరసగా నిలబడ్డారు. వాళ్ల భుజాల మధ్య సందులో మా షాపు పేరులోని ఆఖరి రెండక్షరాలు మాత్రం కనపడుతున్నాయి. 20,000 రూపాయలు ఇచ్చిన పేరు అది. బ్యానర్ కింది భాగంలో వేశారు, అక్కడ ఎప్పుడూ మనుషులే ఉంటారు.

పది అడుగుల ఎత్తు బ్యాక్‌డ్రాప్‌లో కింది ఆరు అడుగులు ఫొటోల్లో మనుషుల వెనక్కి వెళ్లిపోతాయి. డబ్బిచ్చిన వాళ్ల పేరు పై నాలుగు అడుగుల్లోనే ఉండాలి. ఇంకో చోటు కూడా ఉంది: మైకు పెట్టే పోడియం ముందు భాగం. మాట్లాడే ప్రతి మనిషి ఫొటోలోనూ అది కనపడుతుంది, అడ్డం వచ్చేవాళ్లు లేరు. చాలా కాలేజీలు అక్కడ కాలేజీ ఎంబ్లమ్ అతికించి వదిలేస్తాయి.

అక్షరాల సైజుకి కూడా ఒక లెక్క ఉంది. సైన్‌బోర్డులు రాసేవాళ్లు ఎత్తున ఒక అంగుళం ఉన్న అక్షరం పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవవచ్చని లెక్క వేసుకుంటారు. మన గ్రౌండ్‌లో స్టేజీకీ మొదటి వరసకీ మధ్య 15 అడుగులు, తర్వాత మూడేసి అడుగులకి ఒక వరస చొప్పున 25 వరసలు ఉన్నాయనుకుంటే ఆఖరి వరస 90 అడుగుల దూరంలో ఉంటుంది. అక్కడికి కనపడాలంటే అక్షరం 9 అంగుళాలు ఉండాలి. ఒకే బ్యానర్ మీద 14 లోగోలు ఇరికిస్తే ఒక్కోదానికి మూడు అంగుళాల అక్షరాలు కూడా కష్టం. మూడు అంగుళాలంటే 30 అడుగులు, అంటే మొదటి ఐదు వరసలు. ఆ వరసల్లో కూర్చునేది లెక్చరర్లూ ముఖ్య అతిథులూనూ. వెనక కూర్చున్న 500 మందికి ఆ పేర్లు రంగు మచ్చల్లా కనపడతాయి.

అందుకని ప్రపోజల్ రాసేముందు ఒకసారి ఖాళీ గ్రౌండ్‌కి వెళ్లండి. ఒకరు స్టేజీ దగ్గర చార్ట్ మీద రాసిన పేరు పట్టుకుంటే మరొకరు ఆఖరి వరస చోట నిలబడి చదవాలి. చదవగలిగిన సైజునే ప్రపోజల్‌లో అంకెతో రాయండి. "బ్యాక్‌డ్రాప్ పై భాగంలో, 9 అంగుళాల అక్షరాలతో, సాయంత్రం 5 నుంచి 9:30 దాకా" అన్న మాటకీ, "బ్యాక్‌డ్రాప్ మీద లోగో" అన్న మాటకీ డబ్బిచ్చేవాళ్ల దృష్టిలో చాలా తేడా ఉంది.

యాంకర్ చెప్పే పేరుకి కూడా ఇదే పద్ధతి. ఎన్నిసార్లు చెబుతారు, ఏ ఏ ఐటమ్‌ల మధ్య చెబుతారు అని రాయండి. మైక్ టెస్టింగ్‌లో నాలుగుసార్లు చెప్పినా లాభం లేదు. గ్రూప్ డాన్స్ ముందు చెప్పిన ఒక్కసారే అందరి చెవినా పడుతుంది. ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంటే ఫాలోయర్ల సంఖ్య రాసి ఊరుకోకుండా, పోయినేడాది ఫెస్ట్ రీల్స్ ఎంతమందికి చేరాయో ఇన్‌సైట్స్‌లో చూసి ఆ స్క్రీన్‌షాట్ పెట్టండి. ఏ ఊళ్ల వాళ్లు ఎక్కువ ఉన్నారో కూడా అక్కడ తెలుస్తుంది. తణుకులో ఒక్కటే షాపు ఉన్నాయనకి హైదరాబాద్ వ్యూస్ ఎన్ని ఉన్నా పెద్దగా ఉపయోగం లేదు.

నాలుగో పని: రేటు కట్టడం

ముందు మీకు ఎంత తక్కువ పడుతోందో తేల్చండి. మన ఉదాహరణలో మొత్తం ఖర్చు 2,10,000. కాలేజీ ఇచ్చేది, విద్యార్థుల ఫీజు కలిపి 1,10,000 వస్తాయి. ఇంకా లక్ష కావాలి. ఒక మెయిన్ స్పాన్సర్ 40,000, ఇద్దరు 20,000 చొప్పున, నలుగురు 5,000 చొప్పున ఇస్తే లక్ష అవుతుంది. ఏడు పేర్లే కాబట్టి బ్యానర్ కూడా ఇరుకు కాదు.

ఇప్పుడు అవతలివైపు కూర్చుని ఆలోచించండి. 40,000ని 900తో భాగిస్తే మనిషికి 44 రూపాయలు. పేరు కనపడటానికే అంత పెట్టరు, పాంప్లెట్ పంచితే ఇంకా తక్కువలో పోతుంది. కాబట్టి మెయిన్ స్పాన్సర్‌కి మనుషులు షాపు దాకా వచ్చే దారి ఒకటి చూపించాలి. మాకు పనికొచ్చింది కూపన్. ఒక కాలేజీ వాళ్లు ఫెస్ట్‌లో స్టాల్ దగ్గర నంబర్ వేసిన కూపన్లు పంచారు, నెలలోపు షాపుకి తెస్తే డిస్కౌంట్. ఆ నెలలో 37 కూపన్లు నా కౌంటర్‌కి తిరిగొచ్చాయి. అందులో ఒకటి పెళ్లి బట్టల బేరం. మావయ్యగారు ఆ కాలేజీకి మరుసటి ఏడాది అడగకముందే సరే అన్నారు.

ఇంకో మాట కచ్చితంగా రాయాలి. మెయిన్ స్పాన్సర్ బట్టల షాపు అయితే ఇంకే బట్టల షాపునీ తీసుకోబోమని రాతపూర్వకంగా ఇవ్వండి. మెయిన్ రోడ్డులో ఎదురెదురుగా ఉన్న రెండు షాపుల పేర్లు ఒకే బ్యానర్ మీద పక్కపక్కన వస్తే ఇద్దరూ పోతారు.

ఐదో పని: లెటర్

మొత్తం మూడు పేజీలు చాలు. ఒక పేజీ లెటర్, ఒక పేజీ కనిపించే చోట్లు, సైజులు, రేట్లు, ఒక పేజీ ఫొటోలు, బిల్లు కాపీ. లెటర్ దాదాపు ఇలా ఉండొచ్చు:

> గౌరవనీయులైన షోరూమ్ యజమాని గారికి,
>
> ఫిబ్రవరి రెండో వారంలో మా కాలేజీ గ్రౌండ్‌లో రెండు రోజుల కల్చరల్ ఫెస్ట్ జరుగుతుంది. పోయినేడాది రెండో రోజు సాయంత్రం 900 మంది వచ్చారు. అందులో 580 మంది మా విద్యార్థులు, 210 మంది వాళ్ల తల్లిదండ్రులు, 110 మంది ఇతర కాలేజీల విద్యార్థులు. కుర్చీల బిల్లు, ఫొటో జతచేశాం.
>
> ఈ ఏడాది మిమ్మల్ని మెయిన్ స్పాన్సర్‌గా రమ్మని కోరుతున్నాం. మీ షోరూమ్ పేరు బ్యాక్‌డ్రాప్ పై భాగంలో 9 అంగుళాల అక్షరాలతో, పోడియం ముందు, తల్లిదండ్రులకి పంపే పసుపు పాస్ మీద ఉంటుంది. గేటు పక్కన మీకు పది అడుగుల స్టాల్ ఇస్తాం. మరో బట్టల షాపుని స్పాన్సర్‌గా తీసుకోం.
>
> ఇందుకు మేం కోరేది 40,000 రూపాయలు, కాలేజీ ఖాతాకి. ఫెస్ట్ అయిన పది రోజుల్లో ఫొటోలతో, పాస్‌ల లెక్కతో మీకు రిపోర్ట్ ఇస్తాం.

కింద ప్రిన్సిపాల్ సంతకం, సీలు, ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ ఫోన్ నంబర్ ఉండాలి. ఊళ్లో షాపులకి తెలుగులోనే ఇవ్వండి. బ్యాంకులకీ, కంపెనీ షోరూమ్‌లకీ ఇంగ్లీషు కాపీ కూడా కావాలి, ఎందుకంటే బ్రాంచి మేనేజర్ తన చేతిలో నిర్ణయం లేక పై ఆఫీసుకి పంపిస్తారు. అక్కడి నుంచి జవాబు రావడానికి వారాలు పడుతుంది. వాళ్లకి ఆరు వారాల ముందే ఇవ్వాలి, ఊళ్లో షాపులకి మూడు వారాలు చాలు.

డబ్బు విషయంలో గట్టిగా ఉండండి. ఎవరో ఒక విద్యార్థి ఫోన్‌పేకి వేయించుకోవద్దు. చెక్కో, కాలేజీ ఖాతాకి ట్రాన్స్‌ఫరో, వెంటనే రసీదు. కాలేజీకి జీఎస్టీ నంబర్ ఉంటే పన్ను ఎవరు కట్టాలో, రేటులో అది కలిసి ఉందో లేదో లెటర్ ఇచ్చే ముందే అకౌంట్స్ సెక్షన్‌లో అడిగి తెలుసుకోండి. స్పాన్సర్‌షిప్‌ని విరాళం అనకండి. షాపు ఆయన దాన్ని ప్రకటన ఖర్చు కింద రాసుకోవాలి, రసీదు మీద కూడా అలాగే ఉండాలి.

లెటర్ పట్టుకుని వెళ్లే వేళ కూడా చూసుకోండి. శనివారం సాయంత్రం పదిమంది కలిసి షాపులోకి వస్తే కస్టమర్లకి నిలబడే చోటుండదు. మా షాపుకి మంగళవారం మధ్యాహ్నం వస్తే బేరాలు తక్కువ, తీరిగ్గా మాట్లాడతారు. ఇద్దరు చాలు, వాళ్లలో ఒకరికి ఆ మూడు పేజీల్లోని ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉండాలి. మావయ్యగారు తప్పకుండా ఒకటి అడుగుతారు: "ఈ 240 ఎలా వచ్చిందమ్మా?" టేపుతో కొలిచామని చెప్పగలగాలి.

ఫెస్ట్ అయ్యాక

ఫెస్ట్ సాయంత్రం ఇద్దరు వాలంటీర్లకి వేరే పని చెప్పకండి. ఒకరు ఏడింటికీ ఎనిమిదింటికీ స్టేజీ మీద నుంచి జనాన్ని ఫొటో తీయాలి, స్పాన్సర్ పేరు కనపడే ప్రతి చోటునీ తీయాలి. ఇంకొకరు పాస్‌ల పెట్టె దగ్గర ఉండాలి. మాట ఇచ్చిన పది రోజుల్లో ఆ ఫొటోలు, పాస్‌ల లెక్క, టెంట్ హౌస్ బిల్లు కాపీ ఒక ఫైల్లో పెట్టి స్పాన్సర్‌కి ఇచ్చి రండి. జనం అనుకున్నదానికంటే తగ్గితే తగ్గిన సంఖ్యే రాయండి. వాన పడి 900కి బదులు 600 వచ్చారని చెప్పి, మిగిలిన కూపన్లు క్లాసుల్లో పంచి పెట్టిన కాలేజీ ఒకటి ఉంది. ఆ ఫైల్ మా షాపులో క్యాష్ కౌంటర్ కింది అరలో ఉంది, ఈ ఏడాది వాళ్ల లెటర్ కూడా అందులోనే పెట్టాను.